గుర్తింపు కార్డు చిత్రంలో వింత కనిపిస్తే, అది ఎక్కడ పుట్టిందో ముందు చూడండి

ప్రశ్న: ఆన్‌లైన్ దరఖాస్తులకు జతచేసిన గుర్తింపు కార్డులను పరిశీలించే పనిలో కొత్తగా చేరాను. ఒక కార్డులో మనిషి ఫోటో చుట్టూ తెల్లటి గీత ఉంది, అతికించినట్టు అనిపిస్తోంది. లామినేషన్ మీద మెరుపు సరిగ్గా ఫోటో దగ్గరికి వచ్చి తెగిపోయింది. పుట్టిన తేదీలో అంకెల మధ్య ఎడం కూడా సమంగా లేదు. దీన్ని నకిలీ అని రాసేయవచ్చా?

జవాబు:

ఇప్పుడే రాయకండి. ఆ మూడు లక్షణాలనూ మార్చిన కార్డుల్లో చూశాను, ఏ మార్పూ లేని అసలు కార్డుల్లోనూ చూశాను. 16 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మొదటి రెండేళ్లలో నేను చేసిన తప్పులన్నీ దాదాపు ఒకే రకం: కంటికి కొట్టొచ్చినట్టు కనిపించిన దాన్నే నేరంగా పట్టుకోవడం. ఒక అసలు కార్డును నకిలీ అని రాస్తే, ఏ తప్పూ చేయని మనిషి తన ఉనికినే మళ్లీ రుజువు చేసుకోవలసి వస్తుంది. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

గందరగోళం లేకుండా ఉండటానికి, కార్డు మీద ఉన్న మనిషి బొమ్మను ఫోటో అంటాను. కార్డును ఫోనుతో తీసి మీకు పంపిన ఫైలును చిత్రం అంటాను.

చిత్రంలో కనిపించే ఏ వింతైనా నాలుగు చోట్లలో ఒకచోట పుట్టి ఉంటుంది. కార్డు అచ్చైనప్పుడు, అది చేతుల్లోనూ జేబుల్లోనూ తిరిగినప్పుడు, కెమెరా దాన్ని పట్టినప్పుడు, ఆ తరువాత ఫైలుగా ఉన్నప్పుడు. జారీ చేసిన కార్యాలయపు అచ్చులోనూ కెమెరాలోనూ పుట్టిన వింతలు నిర్దోషమైనవి. చేతుల్లో పుట్టినవాటిలో అరుగుదల ఉంటుంది, అప్పుడప్పుడు కావాలని చేసిన మార్పూ ఉంటుంది. ఫైలులో పుట్టినవాటిలో, ఫైలు సైజు తగ్గించేటప్పుడు పడే కుదింపు మచ్చలు ఉంటాయి, అప్పుడప్పుడు అతికింపూ ఉంటుంది. ఏది వింతగా ఉంది అన్నది మీరు ఇప్పటికే చూశారు. అది ఎక్కడ పుట్టింది అన్నదే మిగిలింది.

కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి అచ్చం ఇలాంటి కార్డే వచ్చింది. దరఖాస్తుదారుకు 18 ఏళ్లు నిండి ఉండాలన్నది అక్కడి షరతు. ఫోటో చుట్టూ తెల్లటి అంచు, ఫోటో పక్కనే తెగిన మెరుపు, పుట్టిన తేదీలో ఇబ్బందిగా కూర్చున్న ఒక అంకె. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్కటిగా చెబుతాను. తేదీలు గుర్తుపట్టడానికి వీలు లేకుండా మార్చాను.

అన్నిటికంటే ముందు చూడవలసింది చిత్రంలో కార్డు ఎంత పెద్దగా పడిందని. మామూలు గుర్తింపు కార్డు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 85.60 మి.మీ. వెడల్పు, 53.98 మి.మీ. ఎత్తు ఉంటుంది. 12 మెగాపిక్సెల్ ఫోనుతో దగ్గరగా తీస్తే కార్డు వెడల్పు సుమారు 3400 పిక్సెళ్లు వస్తుంది. అంటే మిల్లీమీటరుకు 40 పిక్సెళ్లు. అదే చిత్రం మెసేజింగ్ యాప్‌లో కుదించుకుపోయి కార్డు 1200 పిక్సెళ్లే మిగిలితే, మిల్లీమీటరుకు 14 మాత్రమే. నేను చెప్పబోయే అంకెల తేడా 0.15 మి.మీ. ఉంది. మొదటి చిత్రంలో అది 6 పిక్సెళ్లు, నమ్మకంగా కొలవవచ్చు. రెండోదానిలో 2 పిక్సెళ్లు, అది నా మౌస్ వణుకులో కలిసిపోతుంది. చిన్న చిత్రాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే కొత్త వివరం రాదు, కంప్యూటర్ ఊహించి నింపిన మసక మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి మీ దగ్గరున్నది చిన్న చిత్రమైతే ముందు అసలు ఫైలు అడగండి.

ఫైలు గురించి ప్రాథమిక సమాచారానికి నేను వాడేది exiftool అనే ప్రోగ్రాం:

```
exiftool -a -G1 -s card.jpg
```

ఏ కెమెరా, ఏ సమయం, ఏ సాఫ్ట్‌వేర్ చివరగా భద్రపరిచింది అన్నవి ఉంటే చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ దగ్గర ఎడిటింగ్ ప్రోగ్రాం పేరు ఉన్నంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు. అంచులు కత్తిరించినా, వెలుగు పెంచినా ఆ పేరు పడుతుంది. ఏ సమాచారమూ లేకపోవడం కూడా నేరం కాదు, చాలా యాప్‌లు పంపేటప్పుడు దాన్ని తీసేస్తాయి. నేను దీన్ని చదివి పక్కన పెడతాను, అంతే.

ఇక ఫోటో అంచు.

ఫోటో మారడం భౌతికంగా రెండు రకాలు. లామినేషన్ పైనే కొత్త ఫోటో అంటించి, వీలైతే దానిమీద ఇంకో పలుచని పొర వేయడం ఒకటి. పొరను లేపి లోపలి ఫోటో మార్చి మళ్లీ మూయడం ఇంకొకటి. మూడోది కార్డు జోలికే పోకుండా ఫైలులో ముఖం మార్చడం. ఈ మూడింటికీ అంచు వేర్వేరుగా ఉంటుంది.

పైన అంటించిన ఫోటోకు మందం ఉంటుంది. మామూలు ఫోటో కాగితం 0.2 మి.మీ. పైచిలుకు మందం. ఆ మెట్టు మీద వెలుగు పక్కనుంచి పడితే, వెలుగు వైపు అంచు మెరుస్తుంది, ఎదుటి అంచు పక్కన సన్నని నీడ పడుతుంది. ఒకవైపు మెరుపు, ఎదురువైపు నీడ అన్న ఈ జంటనే వెతకాలి. నాలుగు వైపులా ఒకే మందంలో తెల్లటి గీత ఉంటే అది మెట్టు కాకపోవచ్చు. ఫోను కెమెరాలు చిత్రాన్ని పదును పెట్టేటప్పుడు, ముదురు రంగు లేత రంగును కలిసే ప్రతి చోటా ఒక తెల్లటి అంచు వేస్తాయి. దీన్ని తేల్చుకోవడం సులభం. అదే చిత్రంలో నల్లటి అక్షరాల చుట్టూ చూడండి. అక్కడా అదే వెడల్పులో తెల్లటి అంచు ఉంటే, ఫోటో చుట్టూ ఉన్న గీత కెమెరా గీసింది. నా కేసులో ఫోటో చుట్టూ 3 పిక్సెళ్ల తెల్లదనం ఉంది. పేరులోని ప్రతి అక్షరం చుట్టూ కూడా 3 పిక్సెళ్లే ఉంది. మొదటి అనుమానం అక్కడే తీరిపోయింది.

అంచు కన్నా బలమైన సాక్ష్యం నేపథ్యపు గీతల్లో ఉంటుంది. చాలా కార్డుల్లో సన్నని అల్లిక గీతలు ఫోటో బయట మొదలై ఫోటో మీదుగా అవతలికి సాగుతాయి. హోలోగ్రాం ఉంటే దాన్ని కూడా కావాలనే ఫోటో అంచు మీద సగం పడేలా పెడతారు. ఫోటో మార్చినవాడు ఆ గీతలను తెంచక తప్పదు. గీత అంచు దగ్గర ఆగిందా, లేక దాటి అదే వంపులో కొనసాగిందా చూడండి. అయితే ఏ గీత ఎక్కడికి సాగాలో తెలియాలంటే అదే సంచికకు, అంటే అదే డిజైనులో జారీ అయిన విడతకు చెందిన అసలు కార్డు నమూనా పక్కన ఉండాలి. నమూనా లేకుండా ఈ మాట చెప్పకూడదు. కొన్ని డిజైన్లలో ఫోటో వెనుక నేపథ్యం నిజంగానే ఖాళీగా ఉంటుంది. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన కార్డుల్లో లేజరుతో ఫోటోను కార్డు శరీరంలోపలే చెక్కుతారు. అక్కడ అంటించిన అంచు అన్నదే ఉండకూడదు, కాబట్టి అంచు కనిపిస్తే అది పెద్ద విషయం. పాతకాలపు కార్డుల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఫోటోను జిగురుతో అంటించి, ముద్ర వేసి, ఆపైన లామినేట్ చేసేవారు. అలాంటిదాన్ని చూసి అతికించిన ఫోటో అని రాస్తే, కార్డు తయారైన పద్ధతినే తప్పుపట్టినట్టు. అక్కడ చూడవలసింది ముద్ర సగం ఫోటో మీద, సగం కాగితం మీద ఒకే వంపులో కలుస్తోందా అన్నది.

మెరుపు గురించి చాలామంది తొందరపడతారు. నాకు ఇది అన్నిటికంటే ఇష్టమైన భాగం, ఎందుకంటే వెలుగును మోసం చేయడం కష్టం. లామినేషన్ ఒకే నునుపైన ఉపరితలం. కింద ఏ రంగు ఉందో దానికి పట్టదు. పైనున్న దీపాన్ని అద్దంలా చూపిస్తుంది. కాబట్టి మెరుపు పట్టీ ఫోటో మీదుగానూ అక్షరాల మీదుగానూ ఒకే తీరులో పోవాలి. పొరను లేపి మూసినచోట చిన్న ఉబ్బు మిగులుతుంది. మెరుపు అక్కడ తెగదు, మెలితిరుగుతుంది, నీటిలో కర్ర వంగినట్టు కనిపిస్తుంది. ఫోటో చుట్టూ చట్రంలా ఆ మెలిక ఉంటే పొరను కదిపారని అనుమానించాలి. కార్డు మూలల దగ్గర మాత్రమే ఉంటే, అది చాలావరకు ఏళ్ల తరబడి వాడినందువల్ల పొర లేచిపోవడం. పొర విడిపోవడం సహజంగా బయటి అంచుల నుంచి లోపలికి సాగుతుంది. మధ్యలో, ఫోటో చుట్టూ మాత్రమే లేచి, బయటి అంచు గట్టిగా ఉండటం అరుగుదలతో రాదు.

ఫైలులో మార్చిన ఫోటో ఇంకోలా దొరుకుతుంది. మెరుపు పడినచోట కింది నలుపు నలుపుగా ఉండదు. మీద పడిన వెలుగు కలిసి బూడిద రంగుకు తేలుతుంది. మెరుపు పట్టీ ఫోటోలోని జుట్టునూ, పక్కనున్న నల్లటి అక్షరాన్నీ రెండింటినీ తాకుతున్న చోటు వెతకండి. ఏ ఎడిటింగ్ ప్రోగ్రాంలోనైనా రంగు చూపించే పరికరంతో రెండింటి విలువ చదవండి. 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. మెరుపు లేనిచోట అక్షరం 22, జుట్టు 25 ఉన్నాయనుకుందాం. మెరుపు కింద అక్షరం 95కు తేలిపోయి, అదే పట్టీలో ఉన్న జుట్టు మాత్రం 27 దగ్గరే ఉండిపోతే, ఆ జుట్టు మీద ఆ వెలుగు ఎప్పుడూ పడలేదన్నమాట. ఫోనులు వెలుగునీడలను తమంతట తాము సర్దుతాయి కాబట్టి చిన్న తేడాలను పట్టించుకోవద్దు. అయితే ఆ సర్దుబాటు మెల్లగా, పొగలా మారుతుంది. ఫోటో అంచు మీద గీత గీసినట్టు ఆగదు.

నా కేసులో మెరుపు నిజంగానే తెగింది. ఫోటో కుడి అంచుకు ఒక మిల్లీమీటరు దూరంలో నిట్టనిలువుగా తెగింది. ఆ ఒక మిల్లీమీటరే నన్ను ఆపింది. ఫోటో అతికిస్తే తెగవలసింది ఫోటో అంచు మీద, దాని పక్కన కాదు. పెద్దది చేసి ఆ గీతను పైకి వెంబడిస్తే అది ఫోటో ఎత్తు దాటి, కార్డు పై అంచు కూడా దాటి బయటికి పోయింది. కార్డు లేనిచోట కూడా ఉన్న గీత కార్డుది కాదు. అది పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు మడత. కార్డును తొడుగులోనే ఉంచి తీశారు. మీరు చూసిన మెరుపు తెగింపును కూడా ముందు ఇలా రెండు చివరలకూ వెంబడించి చూడండి. మూడు అనుమానాల్లో రెండు ఇలా పోయాయి. కంటికి బాగా కనిపించినవి ఆ రెండే.

మిగిలింది తేదీలోని అంకె. చిత్రం ఏటవాలుగా ఉంటే దూరంగా ఉన్న అక్షరాలు దగ్గరపడతాయి. కొలిచే ముందు కార్డును చదును చేయాలి. ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రాంలో ఇలా చేస్తాను:

```
magick card.jpg -distort Perspective \
 '312,410 0,0  3590,468 3424,0  3548,2530 3424,2159  350,2488 0,2159' \
 -crop 3424x2159+0+0 +repage flat.png
```

ప్రతి జంటలో మొదటిది మీ చిత్రంలో కార్డు మూల ఎక్కడుందో, రెండోది అది ఎక్కడికి రావాలో చెబుతుంది. 3424, 2159 అన్నవి కార్డు కొలతలను మిల్లీమీటరుకు 40 పిక్సెళ్ల లెక్కన పెట్టినవి. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటి ఉంది. కార్డు మూల గుండ్రంగా ఉంటుంది, ఆ వంపు వ్యాసార్ధం 3 మి.మీ. పైనే. ఆ వంపు మీద ఎక్కడో ఒకచోట నొక్కితే లెక్కంతా వంకర పోతుంది. రెండు నిటారు అంచులను ముందుకు పొడిగించి, అవి కలిసే చోటును మూలగా తీసుకోవాలి. ఆ చోటు కార్డు బయట గాలిలో ఉంటుంది. కార్డు వంగి ఉంటే ఈ పద్ధతి సరిచేయలేదు. అప్పుడు వేరే చిత్రం అడగడమే మార్గం.

ఇప్పుడు దేన్ని దేనితో పోల్చాలన్నది. పేరు, పుట్టిన తేదీ వంటి శీర్షికలు కార్డు నమూనాతో పాటు పెద్ద యంత్రంలో ముందే అచ్చవుతాయి. మనిషి వివరాలు తరువాత వేరే యంత్రంలో పడతాయి. శీర్షిక ఫాంటు, వివరాల ఫాంటు వేరుగా ఉండటం, వివరాలన్నీ కలిసి అర మిల్లీమీటరు పక్కకో కిందికో జరిగి ఉండటం మామూలే. ఫాంటు కలవలేదు అని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం శీర్షికను వివరంతో పోల్చినందువల్ల పుట్టినవే. వివరాన్ని వివరంతోనే పోల్చండి. అన్ని వరుసలూ కలిసి జరిగితే అది యంత్రం పని. ఒక్క వరుసో, ఒక్క అంకో విడిగా జరిగితే దానికి వేరే కారణం ఉండాలి.

అక్షరాల మధ్య ఎడాన్ని కంటితో నమ్మవద్దు. సన్నని 1 చుట్టూ ఎప్పుడూ ఖాళీ ఎక్కువగానే కనిపిస్తుంది, ఎందుకంటే చాలా ఫాంట్లలో అన్ని అంకెలకూ ఒకే వెడల్పు గది ఉంటుంది, 1 ఆ గదిని నింపలేదు. దీనికి మందు, అదే అంకెల జంటను కార్డు మీద ఇంకోచోట వెతికి పట్టుకోవడం. నా కేసులో మూడు తేదీలు ఉన్నాయి: పుట్టిన తేదీ 23.08.2003, జారీ చేసిన తేదీ 14.02.2023, గడువు 13.02.2033. మూడింటిలోనూ సంవత్సరం 20తో మొదలవుతుంది. 2 ఎడమ అంచు నుంచి 0 ఎడమ అంచు వరకు కొలిస్తే 62, 62, 63 పిక్సెళ్లు వచ్చాయి. అంటే నా కొలతలో పొరపాటు ఒక పిక్సెల్ లోపు. ఆ తరువాత 03 అన్న జంట. అది 2033లోనూ ఉంది, 2003లోనూ ఉంది. గడువు తేదీలో 0 నుంచి 3 వరకు 63 పిక్సెళ్లు. పుట్టిన తేదీలో 57. పైగా ఆ చివరి 3 పాదం మిగతా అంకెల పాదరేఖ కంటే 2 పిక్సెళ్లు పైన ఉంది.

ఆరు పిక్సెళ్లు అంటే 0.15 మి.మీ. అచ్చు యంత్రం ఒకే వరుసలో ఒక్క అంకెను అంత జరపడం నేను ఎన్నడూ చూడలేదు. అయినా ఆ ఒక్క కొలత మీద నివేదిక రాయలేదు. కార్డును తొడుగులోంచి తీసి, వేర్వేరు కోణాల్లో మళ్లీ తీసి పంపమని అడిగాను. ముందు వైపు మళ్లీ తీసిన చిత్రం, వెనుక వైపు చిత్రం వచ్చాయి.

కొత్త చిత్రంలో మెరుపు ఫోటో మీదుగా ఎక్కడా తెగకుండా హాయిగా సాగింది. చదును చేసి మళ్లీ కొలిచాను. 20 జంట మూడు చోట్లా 62. గడువు తేదీలో 03 మళ్లీ 63. పుట్టిన తేదీలో ఈసారి 66. మొదట అంకె ఎడమకు జరిగి ఉంది, ఇప్పుడు కుడికి జరిగింది. నా మట్టుకు కేసు తేలింది ఇక్కడే. కార్డు మీద అచ్చైన అంకె రెండు చిత్రాల మధ్య కదలదు. అచ్చులో లోపం ఉంటే ప్రతి చిత్రంలోనూ అదే లోపం, అదే కొలతలో కనిపించాలి. ఒకే కార్డుకు చెందిన రెండు చిత్రాలు ఒకదానితో ఒకటి విభేదిస్తే, ఆ తేడా కార్డులో లేదు, ఫైళ్లలో ఉంది. ప్రతి చిత్రాన్నీ ఎవరో విడిగా చేత్తో దిద్దారు, చేయి రెండుసార్లూ ఒకేచోట పడలేదు.

అంకె ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూశాను. దీనికి చదును చేసిన చిత్రం పనికిరాదు, అసలు ఫైలే కావాలి. ఒకే అంకె కార్డు మీద రెండుచోట్ల అచ్చైతే, కెమెరా ఇసుకరేణువుల్లాంటి మచ్చలు రెండింటి మీదా వేర్వేరుగా వేస్తుంది. ఒకదాని మీద ఒకటి పెట్టి తేడా తీస్తే మచ్చల గుంపు మిగలాలి. గడువు సంవత్సరంలోని రెండు 3లకు అలాగే మిగిలింది. పుట్టిన సంవత్సరంలోని 3ను, అదే తేదీలో 23 అన్నచోట ఉన్న 3తో తీసివేస్తే దాదాపు పూర్తి నలుపు వచ్చింది. మచ్చలతో సహా అక్కడినుంచి ఎత్తి ఇక్కడ పెట్టారు. చిత్రం చాలాసార్లు కుదింపుకు గురైతే ఈ పరీక్ష మూగబోతుంది. అప్పుడు మచ్చలు కలవలేదు కాబట్టి అంకె అసలుదే అని చెప్పడానికి లేదు.

వెనుక వైపు యంత్రం చదివే మూడు వరుసలు ఉన్నాయి. మీ కార్డుకు అవి ఉంటే అదృష్టమే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 9303 పత్రంలో నిర్దేశించిన పద్ధతిలో, అక్కడ పుట్టిన తేదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో ఆరు అంకెలుగా ఉంటుంది, దాని పక్కనే ఒక సరిచూపు అంకె ఉంటుంది. ఆరు అంకెలను వరుసగా 7, 3, 1, 7, 3, 1తో గుణించి, అన్నీ కూడి, మొత్తంలో చివరి అంకెను తీసుకోవాలి.

```python
def check(s):
    w = (7, 3, 1)
    return sum(int(c) * w[i % 3] for i, c in enumerate(s)) % 10

print(check("030823"), check("080823"))   # 4 9
```

ఆ చిత్రంలో 030823 ఉంది, పక్కన 9 ఉంది. 030823కు మొత్తం 74, కాబట్టి రావలసింది 4. మరి 9 ఏ సంవత్సరానికి వస్తుంది? 080823కు మొత్తం 89, చివరి అంకె 9. అంటే వెనుక కూడా 8ని 3 చేశారు, పక్కనున్న అంకె సంగతి వారికి తెలియదు. 2008లో పుట్టిన పిల్లవాడు 2003లో పుట్టినట్టు చూపించుకున్నాడు. సరిచూపు అంకె సరిపోయినంత మాత్రాన కార్డు అసలుదని కాదు, లెక్క తెలిసినవాడు దాన్నీ మార్చగలడు. సరిపోకపోతే మాత్రం గట్టి సమాధానం కావాలి. చదివేటప్పుడు 0, 8 వంటివి తారుమారు కాలేదని ముందు మీ కళ్లను మీరే అనుమానించండి.

నా నివేదికలో నకిలీ కార్డు అన్న మాట రాయలేదు. ఫోటో, లామినేషన్ మార్చినట్టు ఆధారం లేదని, పంపిన చిత్రాల్లో పుట్టిన సంవత్సరపు చివరి అంకె ఫైలులో మార్చినట్టు ఉందని, కార్డును నేరుగా చూడలేదని రాశాను. ఈ తేడా చిన్నది కాదు. ఆ కార్డు నూటికి నూరుపాళ్లు అసలుది అయి ఉండవచ్చు. దాన్ని నకిలీ అంటే కార్డు జారీ చేసిన కార్యాలయానికి అనవసరమైన విచారణ, ఆ పిల్లవాడికి తాను చేసినదానికంటే పెద్ద నింద.

ఆన్‌లైన్‌లో చిత్రం వేస్తే మార్చిన చోటు మెరిసేలా చూపిస్తామనే పరీక్షల గురించి ఎవరైనా చెబుతారు. కుదింపులో ఎక్కడ ఎంత తేడా ఉందో అవి చూపిస్తాయి. పదునైన అక్షరాలు, ఫోటో అంచులు ఏ మార్పూ లేకపోయినా అందులో మెరుస్తాయి, కొత్తవాళ్లు భయపడిపోతారు. వేరొకరి గుర్తింపు కార్డును తెలియని వెబ్‌సైటుకు పంపడం అంతకంటే పెద్ద తప్పు. అన్నీ మీ కంప్యూటర్‌లోనే చేయండి, పని అయ్యాక మీ సంస్థ నియమం ప్రకారం ప్రతులు తొలగించండి.

స్క్రీన్ మీద చూపించిన చిత్రాన్ని మళ్లీ ఫోనుతో తీసి పంపడం కూడా ఉంటుంది. అప్పుడు ఫైలులోని జాడలన్నీ కొత్త కెమెరా మచ్చల కింద మునిగిపోతాయి. అయితే మెరుపు స్క్రీన్‌ది అవుతుంది, కార్డు అంచు దాటి అదే తీరులో సాగుతుంది, సన్నని గీతలున్నచోట వలలాంటి అలలు తేలతాయి. హోలోగ్రాం ఏ కోణంలోనూ రంగు మారదు. కాగితం మీద అచ్చు వేసి తీసినా హోలోగ్రాం దగ్గరే దొరుకుతుంది.

మీ కార్డు విషయంలో నేనైతే ఇలా చేస్తాను. తొడుగులోంచి తీసి, ముదురు రంగు బల్ల మీద బల్లపరుపుగా పెట్టి, ఫ్లాష్ లేకుండా మూడు చిత్రాలు అడుగుతాను: ఒకటి నేరుగా పైనుంచి, రెండోది మెరుపు ఫోటో మీద పడేలా వంచి, మూడోది వెనుక వైపు. కార్డును మెల్లగా అటూ ఇటూ వంచుతూ పది సెకన్ల వీడియో కూడా అడుగుతాను. ఫైళ్లు కుదించకుండా పంపమని చెబుతాను. ఎందుకు అడుగుతున్నామో మర్యాదగా ఒక్క వాక్యంలో, చిత్రం స్పష్టంగా లేదని మాత్రమే రాస్తాను, అనుమానం మాట ఎత్తను. అవి వచ్చాక ముందు తెల్లటి గీతను అక్షరాల చుట్టూ ఉన్న అంచుతో పోల్చండి, మెరుపు తెగినచోటు కార్డుతో పాటు ఉందా, కార్డు దాటి పోయిందా చూడండి. ఆ తరువాత పాత చిత్రాన్నీ కొత్తదాన్నీ చదును చేసి, పుట్టిన తేదీలో ఒకే జంటను రెండింటిలోనూ కొలవండి. కొలతలు ఒక పిక్సెల్ లోపు కలిస్తే, ఆ ఎడం ఎంత వికారంగా ఉన్నా చాలావరకు ఫైలులో పుట్టింది కాదు. అప్పుడు అదే సంచికకు చెందిన అసలు కార్డు నమూనాతో పోల్చి, అప్పటికీ తేలకపోతే కార్డును నేరుగా తెమ్మని అడగండి. కలవకపోతే, ఆ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి, ఏ చిత్రంలో ఎంత వచ్చిందో అలాగే నివేదికలో రాయండి.